లారీ ఎక్కిన సరుకును వద్దనొచ్చా?

ప్రశ్న: నెల్లూరులో మూడేళ్ల ఎల్ఎల్‌బీ చదువుతున్నాను. ఇంటర్నల్ పరీక్షలో వచ్చిన సమస్య ఇది. ఒంగోలు బియ్యం వ్యాపారి ఒకరు, బ్రోకరు తెచ్చిన మచ్చు చూసి నెల్లూరు మిల్లరుకు ఆర్డరిచ్చాడు: "ఏడాది పాత బీపీటీ బియ్యం, మచ్చు ప్రకారం, 25 కిలోల బస్తాలు 200, బస్తా 1,400 రూపాయలు, లారీ కిరాయి కొన్నవాడిది." 80,000 అడ్వాన్సు ఇచ్చాడు. మిల్లరు తన గోడౌను నుంచి 200 బస్తాలు లారీకెత్తించి, వ్యాపారి పేరుతో రసీదు రాయించి పంపాడు. నవంబరు వానకు దారిలో 10 బస్తాలు తడిశాయి. సోమవారం సరుకు దిగింది. మంగళ, బుధవారాల్లో 30 బస్తాలు అమ్మాడు. గురువారం ఒక బస్తా బియ్యం వండితే అన్నం ముద్దయింది. అన్నీ విప్పి చూస్తే 80 బస్తాల్లో కొత్త బియ్యం. అమ్మిన 30, తడిసిన 10 పాత బియ్యమే. శుక్రవారం ఫోన్ చేసి "సరుకంతా తీసుకుపో, నా డబ్బు ఇవ్వు" అన్నాడు. మిల్లరు "లారీ ఎక్కాక సరుకు నీది" అన్నాడు. ఆ వారం ఒంగోలులో పాతవి బస్తా 1,500, కొత్తవి 1,150. వ్యాపారి తిరస్కరించవచ్చా, తడిసిన వాటి నష్టం ఎవరిది అని అడిగారు. యాజమాన్యం లారీ దగ్గరే మారింది కాబట్టి తిరస్కరించలేడని రాశాను. 15కి 4 వేశారు. ఎక్కడ తప్పాను?

సమాధానం: మొత్తం సరుకును తిరస్కరించలేడన్న మీ మాట నిజమే. కానీ మీరు చెప్పిన కారణం వల్ల కాదు. ఇక 80 బస్తాల మటుకు అతను నిక్షేపంగా తిరస్కరించవచ్చు. దాన్ని మీరు అసలు తాకలేదు. మార్కులు పోయింది ఈ రెండు చోట్లే.

మీ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చూద్దాం, ఎందుకంటే ఇది మీ ఒక్కరిది కాదు. వస్తు విక్రయ చట్టం, 1930లో సెక్షన్ 13(2) మొదట్లో ఇలా ఉండేది: విడదీయలేని ఒప్పందంలో కొన్నవాడు సరుకునో, అందులో కొంత భాగాన్నో అంగీకరిస్తే, లేదా ఒప్పందం నిర్దిష్ట వస్తువుకు సంబంధించినదై దాని యాజమాన్యం కొన్నవాడికి మారిపోతే, షరతు ఉల్లంఘనను ఇక వారంటీ ఉల్లంఘనగానే చూడాలి. అంటే నష్టపరిహారం అడగొచ్చు గానీ సరుకు వెనక్కి కొట్టడానికి లేదు. ఇందులోని రెండో ముక్కను, యాజమాన్యం మారడాన్ని గురించిన ముక్కను, 1963 సవరణ చట్టం తీసేసింది. పాత నోట్సుల్లో, వాటిని చూసి రాసిన కొత్త నోట్సుల్లో అది ఇంకా బతికే ఉంది. పైగా ఆ ముక్క ఉన్న రోజుల్లో కూడా ఈ సమస్యకు అది అంటేది కాదు. గోడౌనులో ఉన్న బస్తాల రాశిలో ఏ 200 అన్నది ఆర్డరు నాటికి తేలలేదు కాబట్టి ఇవి నిర్దిష్ట వస్తువులు కావు.

కాబట్టి ఇప్పటి చట్టంలో ఇవి రెండు వేరువేరు ప్రశ్నలు. సరుకు ఎవరిదైంది అన్న ప్రశ్న ముఖ్యంగా నష్టభయం ఎవరిదో తేల్చడానికి. సరుకును వద్దనవచ్చా అన్నది, కొన్నవాడు దాన్ని అంగీకరించాడా లేదా అన్నదాన్ని బట్టి తేలుతుంది. మిల్లరు మొదటి ప్రశ్నకు చెప్పాల్సిన జవాబును రెండో ప్రశ్నకు చెబుతున్నాడు. మీరు అతని మాటనే సెక్షన్ నంబరు తగిలించి రాశారు.

ఇప్పుడు యాజమాన్యం సంగతి. తేలని సరుకు విషయంలో అది తేలేదాకా యాజమాన్యం మారదని సెక్షన్ 18 చెబుతుంది. ఎప్పుడు తేలుతుందో సెక్షన్ 23 చెబుతుంది. దాన్ని రాసేటప్పుడు విద్యార్థులు "లారీకిస్తే కేటాయింపు అయినట్టే" అన్న రెండో ఉపసెక్షన్ దగ్గరికి ఒక్క ఉరుకులో వెళ్లిపోతారు. మొదటి ఉపసెక్షన్‌లో ఒక మాట ఉంది. కేటాయించాల్సింది "ఆ వర్ణనకు చెందిన" వస్తువులనే. ఒప్పందంలో ఉన్న వర్ణన ఏడాది పాత బీపీటీ బియ్యం. కొత్త బియ్యం బస్తాను లారీకెత్తితే అది వర్ణనకు చెందిన వస్తువును కేటాయించినట్టు కాదు. అందుచేత ఆ 80 బస్తాల యాజమాన్యం నెల్లూరులో లారీ ఎక్కినప్పుడు మారలేదు, ఒంగోలులో దిగినప్పుడూ మారలేదు. అవి ఇప్పటికీ మిల్లరువే.

మిగతా 120 బస్తాలు వర్ణనకు సరిపోయాయి. లారీవాడికి అప్పగించారు, రసీదు వ్యాపారి పేరున రాయించారు, సరుకు మీద హక్కును మిల్లరు తన దగ్గర ఉంచుకోలేదు. ఇది సెక్షన్ 23(2) కిందికి వస్తుంది, వాటి యాజమాన్యం నెల్లూరులోనే మారింది. రసీదు మిల్లరు తన పేరుమీదే రాయించుకుని, డబ్బు కట్టాక ఇస్తానని బ్యాంకు ద్వారా పంపి ఉంటే కథ మారేది. అప్పుడు సెక్షన్ 25 వస్తుంది, మిల్లరు పెట్టిన ఆ షరతు తీరేదాకా యాజమాన్యం అతని దగ్గరే ఉంటుంది. సమస్యలో రసీదు ఎవరి పేరున ఉందో చెప్పారంటే పరీక్షకుడు ఊరికే చెప్పలేదు.

ఇక్కడ ఒక ఉపప్రశ్న తరచూ వస్తుంది. లారీలో ఈ వ్యాపారివి 200 బస్తాలే కాక, ఒంగోలులో ఇంకో ఇద్దరివి కూడా కలిపి 500 బస్తాలు గుర్తులేమీ లేకుండా వేసి ఉంటే? అప్పుడు లారీ ఎక్కినా ఎవరివి ఏవో తేలలేదు, యాజమాన్యం మారలేదు. దీనికి హీలీ వర్సెస్ హౌలెట్ (1917) కేసు రాయండి. ఐర్లండ్ నుంచి 190 పెట్టెల చేపలు రైల్లో వెళ్తున్నాయి, వాటిలో 20 ఒక లండన్ వ్యాపారివి. రైల్వేవాళ్లు ఆ 20 పెట్టెలు వేరుచేసే లోపే రైలు ఆలస్యమై చేపలు చెడిపోయాయి. ఏ 20 అన్నది అప్పటికి తేలలేదు కాబట్టి నష్టం అమ్మినవాడిదే అన్నారు. మీ సమస్యలో 200 బస్తాలూ ఒకరివే కాబట్టి ఈ చిక్కు లేదు.

తడిసిన 10 బస్తాలకు జవాబు ఇప్పుడు దానంతటదే వస్తుంది. అవి పాత బియ్యం, యాజమాన్యం వ్యాపారిది, యాజమాన్యంతోపాటే నష్టభయం కూడా మారుతుందని సెక్షన్ 26. లారీవాడికి ఇవ్వడమే కొన్నవాడికి ఇచ్చినట్టని సెక్షన్ 39(1). కాబట్టి పైకి చూస్తే నష్టం వ్యాపారిది. అయితే అక్కడ ఆపేస్తే జవాబు సగమే. సెక్షన్ 39(2) ప్రకారం సరుకు స్వభావాన్ని బట్టి, పరిస్థితులను బట్టి సబబైన రవాణా ఏర్పాటు చేయడం అమ్మినవాడి పని. నెల్లూరులో ఈశాన్య రుతుపవనాల వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడతాయని మిల్లరుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ రోజుల్లో బియ్యం లారీకి టార్పాలిన్ లేకుండా మాట్లాడి పంపితే, లారీకి అప్పగించడాన్ని తనకు అప్పగించినట్టుగా ఒప్పుకోనని వ్యాపారి అనవచ్చు, లేదా నష్టానికి మిల్లరును బాధ్యుణ్ని చేయవచ్చు. టార్పాలిన్ కట్టినా దారిలో గాలికి చినిగిందంటే మిల్లరు తప్పు లేదు. మీ సమస్యలో టార్పాలిన్ ప్రస్తావన లేదు కాబట్టి "లారీ ఏర్పాటు సబబుగా ఉంటే నష్టం వ్యాపారిది, లేకుంటే మిల్లరుది" అని రెండు ముక్కల్లో రాసి ముందుకు వెళ్లండి. ఇలాంటి చోట లేని వాస్తవాన్ని మీరు ఊహించి పెట్టేసుకుంటే మార్కు పోతుంది.

తడిసినవి కొత్త బియ్యం బస్తాలై ఉంటే ఈ చర్చే అక్కర్లేదు. వాటి యాజమాన్యం మారలేదు, తడిసినా ఎండినా మిల్లరువే. అలాగే కిరాయి మిల్లరుదై, ధర "ఒంగోలు డెలివరీ" అని మాట్లాడుకుని ఉంటే, సరుకు ఒంగోలు చేరేదాకా నష్టభయం మామూలుగా మిల్లరుదే. అప్పుడు కూడా ఆ ప్రయాణంలో తప్పనిసరిగా జరిగే తరుగునో చెడుగునో కొన్నవాడే భరించాలని సెక్షన్ 40 అంటుంది. ఒకటి రెండు బస్తాలకు కొక్కెం గుచ్చుకుని కొన్ని గింజలు రాలడం ఆ కోవలోది. వానకు తడవడం కాదు.

ఇంప్లైడ్ కండిషన్ల, అంటే పైకి చెప్పకపోయినా ఒప్పందంలో ఉన్నట్టే చట్టం లెక్కించే షరతుల భాగానికి వస్తే, పేపర్లో చాలామంది సెక్షన్ 16(2)తో మొదలుపెడతారు. సరుకు "వ్యాపార యోగ్యమైన నాణ్యత"తో ఉండాలన్న షరతు అది. ఇక్కడ అదే అన్నిటికన్నా బలహీనమైన వాదన. కొత్త బియ్యం చెడ్డ బియ్యం కాదు. ఒంగోలు మార్కెట్లో బస్తా 1,150కి కొనేవాళ్లున్నారు, పొంగలికి అవే కావాలని అడిగి కొనేవాళ్లూ ఉన్నారు. అమ్ముడుపోయే సరుకును వ్యాపార యోగ్యం కాదని ఎలా అంటారు? పురుగు పట్టి ఉంటే, ముక్కవాసన వస్తుంటే అది 16(2).

బలమైన వాదన సెక్షన్ 15. వర్ణన చెప్పి అమ్మితే సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. "ఏడాది పాత" అన్నది ఊరికే మెచ్చుకోలు మాట కాదు, ధర దాన్ని బట్టే నిలిచింది. పాత బియ్యం వండితే ఎక్కువ నీళ్లు పీల్చుకుని మెతుకు విడివిడిగా వస్తుంది, కొత్తది అంటుకుని ముద్దవుతుంది. బస్తాకు 350 రూపాయల తేడా ఆ గుణానికే. కాబట్టి అది వర్ణనలో భాగమని ఒక వాక్యంలో కారణంతో సహా చెప్పాలి. చెప్పకుండా సెక్షన్ 15 అని రాస్తే పరీక్షకుడికి అది బట్టీగానే కనిపిస్తుంది.

సెక్షన్ 17 కూడా వర్తిస్తుంది, కానీ ముందు ఒక మెట్టుంది. మచ్చు చూపించినంత మాత్రాన అది మచ్చుపై అమ్మకం కాదు. మచ్చు ప్రకారమే సరుకు అన్న నిబంధన ఒప్పందంలో స్పష్టంగానో, అర్థమయ్యేలాగానో ఉండాలి. ఈ ఆర్డరులో "మచ్చు ప్రకారం" అన్న మాట ఉంది కాబట్టి సరిపోయింది. అప్పుడు సరుకు మొత్తం మచ్చుకు సరిపోవాలి, పోల్చి చూసుకునే సబబైన అవకాశం కొన్నవాడికి ఉండాలి, మచ్చును మామూలుగా పరిశీలిస్తే కనబడని లోపమేదీ సరుకును వ్యాపారానికి పనికిరాకుండా చేయకూడదు. ఈ మూడింటిలో ఇక్కడ పనికొచ్చేది మొదటిదే. మచ్చులో లోపం దాగిలేదు, మచ్చు నిజంగా పాత బియ్యమే. దానికి సరిపోనిది 80 బస్తాల సరుకు. మూడో దాన్ని పట్టుకుని ఒక పేజీ రాసినవాళ్లు సమస్యను సరిగా చదవలేదని అర్థం.

మిల్లరు తరఫున రాగల వాదన ఒకటుంది: "అసలు మచ్చే కొత్త, పాత కలిసినది, సరుకు మచ్చులాగే ఉంది కదా." అలా ఉన్నా అతను గెలవడు. మచ్చు, వర్ణన రెండూ ఉన్నప్పుడు మచ్చుకు సరిపోతే చాలదు, వర్ణనకూ సరిపోవాలని సెక్షన్ 15లోనే ఉంది. నికోల్ వర్సెస్ గాడ్స్ (1854) దీనికే. "విదేశీ శుద్ధిచేసిన రేప్ నూనె, మచ్చుకు సమానంగా" అని అమ్మారు. వచ్చిన నూనె మచ్చులాగే ఉంది, కానీ రెండూ కల్తీవే, రేప్ నూనె అనడానికి వీల్లేనివి. కొన్నవాడు వద్దనవచ్చన్నారు.

ఇప్పుడు అసలు ముడి. షరతు ఉల్లంఘన జరిగింది, అయినా వ్యాపారి సరుకును ఇప్పటికే అంగీకరించాడా? సరుకు దించుకోవడం అంగీకారం కాదు. దించుకోవడం డెలివరీ మాత్రమే. ముందుగా చూడని సరుకును, ఒప్పందానికి సరిపోయిందో లేదో చూసుకునే సబబైన అవకాశం దొరికేదాకా అంగీకరించినట్టు కాదని సెక్షన్ 41(1). ఆ తర్వాతి సెక్షన్ 42 అంగీకారం మూడు రకాలుగా జరుగుతుందంటుంది. అంగీకరించానని చెప్పడం, సరుకు అందాక అమ్మినవాడి యాజమాన్యానికి పొసగని పనేదైనా చేయడం, తిరస్కరిస్తున్నానని చెప్పకుండా సబబైన కాలం దాటేదాకా ఉంచుకోవడం.

వ్యాపారి 30 బస్తాలు అమ్మాడు. పక్కవాడి సరుకును తెలిసి ఎవరూ అమ్మరు కదా. అది పొసగని పనే. "ఇంకా పరీక్షించుకోలేదు, సెక్షన్ 41 నన్ను కాపాడుతుంది" అని అతను అంటే దానికి హార్డీ వర్సెస్ హిల్లర్న్స్ అండ్ ఫౌలర్ (1923) అడ్డం వస్తుంది. అక్కడ సరుకు గోధుమలు. కొన్నవాళ్లు కొంత భాగాన్ని వెంటనే వేరేవాళ్లకు అమ్మి పంపేసి, కొద్ది రోజులకు లోపం తెలిసి మొత్తాన్ని తిరస్కరించబోయారు. పరీక్షించుకునే సబబైన గడువు ఇంకా ఉన్నా, అమ్మి పంపడమే అంగీకారమైపోయిందన్నారు. ఇది మరీ కఠినమని ఇంగ్లండ్ 1967లో తన చట్టాన్ని మార్చుకుని, ఆ నియమాన్ని పరీక్షించుకునే హక్కుకు లోబడేలా చేసింది. మన సెక్షన్ 42లో అలాంటి మార్పు లేదు. సెక్షన్ 41 మాటలను పట్టుకుని అవతలి వైపు వాదించేవాళ్లున్నారు, ఆ వాదన తీసిపారేసేదేమీ కాదు, ఒక వాక్యం రాయండి. కానీ ఈ వాస్తవాల మీద ఆ వాదన కూడా వ్యాపారిని పెద్దగా ఆదుకోదు. 200 బస్తాల్లో అక్కడక్కడా ఇనుప గొట్టం గుచ్చి బియ్యం తీసి, గుప్పెడు వండి చూడటానికి సోమవారం సాయంత్రం చాలు. అవకాశం దొరికిందనే అనాలి.

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది. ఈ చీలిక దగ్గరే పది మార్కుల జవాబు, పదమూడు మార్కుల జవాబు విడిపోతాయి.

సెక్షన్ 13(2) ఒక్కటే చూస్తే, ఒకే ఆర్డరు, ఒకే లారీ, విడతలవారీ డెలివరీ లేదు కాబట్టి విడదీయలేని ఒప్పందం. భాగాన్ని అంగీకరించాడు కాబట్టి ఇక మొత్తానికీ నష్టపరిహారమే. చాలామంది ఇక్కడ ఆపుతారు. కానీ సెక్షన్ 37(3) అనే ఒక ప్రత్యేక నియమం ఉంది. ఒప్పుకున్న సరుకును, ఒప్పందంలో లేని వేరే వర్ణన సరుకుతో కలిపి పంపితే, కొన్నవాడు ఒప్పందానికి సరిపోయిన వాటిని అంగీకరించి మిగతా వాటిని తిరస్కరించవచ్చు, లేదా మొత్తాన్నీ తిరస్కరించవచ్చు. ఈ రెండో దారిని వ్యాపారి 30 బస్తాలు అమ్మి తనే మూసుకున్నాడు. మొదటి దారి తెరిచే ఉంది. అతను అమ్మినవన్నీ సరిపోయిన బస్తాలే. సరిపోని 80లో ఒక్కటీ అమ్మలేదు, వాటి గురించి పొసగని పనేమీ చేయలేదు. భాగాన్ని అంగీకరించి మిగతాది వద్దనడానికి చట్టమే ఇక్కడ అనుమతిస్తున్నప్పుడు, 13(2)లోని సాధారణ నియమం ఆ అనుమతిని మింగేయదు.

కాబట్టి 120 బస్తాలు ఉంచుకోవాలి, వాటిలో మిగిలిన 90ని "ఇవి కూడా తీసుకుపో" అనడానికి లేదు. 80 వద్దనవచ్చు. సోమవారం దిగిన సరుకును శుక్రవారం వద్దనడం ఆలస్యమా అంటే, సబబైన కాలం ఏదన్నది వాస్తవాలను బట్టి తేల్చే ప్రశ్న అని సెక్షన్ 63 చెబుతుంది. వండితే గానీ తెలియని తేడాకు నాలుగు రోజులు, అందులోనూ తెలిసిన మర్నాడే ఫోను, ఎక్కువేమీ కాదు. సరుకంతా తీసుకుపొమ్మని తనకు లేని హక్కు కూడా కలిపి అడిగాడు కదా, దానివల్ల 80 మీదున్న హక్కు పోతుందా? ఆ 80 వద్దన్న సంగతి అందులో స్పష్టంగానే ఉంది, పోదనే రాయండి.

ఒక చిన్న మార్పుతో జవాబు తిరగబడుతుంది, దాన్ని కూడా రెండు వాక్యాల్లో చూపిస్తే బాగుంటుంది. 200 బస్తాలూ ఏడాది పాత బీపీటీయే అయి, 80 బస్తాలకు పురుగు పట్టి ఉంటే, అది వేరే వర్ణన సరుకు కాదు, అదే వర్ణనలో నాసిరకం. అప్పుడు 37(3) రాదు, 30 బస్తాల అమ్మకంతో 13(2) పూర్తిగా పడుతుంది, వ్యాపారికి నష్టపరిహారమే మిగులుతుంది. వర్ణనా, నాణ్యతా అన్న తేడాను ఇంతసేపు పట్టుకుని వేలాడటం ఇందుకే. అలాగే అమ్మిన 30లో కొన్ని కొత్త బియ్యం బస్తాలుండి ఉంటే, "సరిపోయినవి ఉంచుకుని మిగతావి వద్దన్నాను" అన్న మాట అతని నోట నిలవదు, ఎందుకంటే సరిపోనివి కూడా కొన్ని తనవిగా అమ్ముకున్నాడు. అక్కడ మిల్లరు వాదన బలపడుతుంది.

లెక్క. 120 బస్తాలకు 1,400 చొప్పున 1,68,000. అడ్వాన్సు 80,000 పోగా 88,000 వ్యాపారి ఇవ్వాలి. 80 బస్తాల పాత బియ్యం అందలేదు కాబట్టి సెక్షన్ 57 కింద నష్టం: మార్కెట్ 1,500, ఒప్పందం 1,400, తేడా 100 చొప్పున 8,000. అది మినహాయిస్తే 80,000. ఆ 80 బస్తాలకు పెట్టిన కిరాయి, హమాలీ కూడా అడగవచ్చు, కానీ సమస్యలో అంకె ఇవ్వలేదు.

తిరస్కరణ కుదరక సెక్షన్ 59 కింద ధర తగ్గించుకోవాల్సి వస్తే ఎంత? పాతవై ఉంటే 1,500 విలువ, వచ్చినవి 1,150, తేడా 350 చొప్పున 80 బస్తాలకు 28,000. మొత్తం ధర 2,80,000లో అడ్వాన్సు, ఈ 28,000 తీసేస్తే 1,72,000 కట్టాలి, చేతిలో 92,000 విలువైన కొత్త బియ్యం ఉంటుంది. ఆ విలువను తీసేసి చూడండి, మళ్లీ 80,000 వస్తుంది! మరి తిరస్కరణ కోసం ఇంత పోరాటం దేనికి?

రెండు కారణాలు. తిరస్కరిస్తే ఆ 80 బస్తాలు అమ్ముకునే తిప్పలు, వాటి ధర పడిపోతే వచ్చే నష్టం మిల్లరువి. రెండోది ఇంకా ముఖ్యం. పాత బియ్యం మార్కెట్ 1,500కి పెరగకుండా 1,300కి పడి ఉంటే చూడండి. తిరస్కరించిన వ్యాపారి ఆ 80కి అసలు డబ్బే కట్టడు, ఖరీదైన బేరం నుంచి బయటపడతాడు. పరిహారం మాత్రమే దక్కినవాడికి బస్తాకు తేడా 150, అంటే 1,250 పెట్టి 1,150 విలువైన బస్తా కొన్నట్టవుతుంది. 80 బస్తాల మీద 8,000 నష్టం. ధరలు పడినప్పుడే సరుకులో లోపాలు ఎక్కువగా కనబడతాయని మిల్లర్లు అనేది ఇందుకే. అది ఉత్త నిందేమీ కాదు.

చివరగా, తిరస్కరణ ఎలా చేయాలన్నది సమస్యలో అడగకపోయినా సెక్షన్ 43 ఒక్క వాక్యం రాయండి. వద్దన్న సరుకును కొన్నవాడు లారీ మాట్లాడి వెనక్కి పంపనక్కర్లేదు, తిరస్కరిస్తున్నానని తెలియజేస్తే చాలు. చట్టానికి ఫోను సరిపోతుంది. రుజువుకు మాత్రం చాలదు, అదే రోజు రాతలో పంపాలి: సరుకు దిగిన తేదీ, లారీ రసీదు నంబరు, వద్దంటున్న బస్తాలు 80, ఏడాది పాత బియ్యం కాకపోవడం వల్ల వద్దంటున్నానని, మీరు వచ్చి తీసుకెళ్లేదాకా విడిగా పెట్టి ఉంచుతానని. బ్రోకరు ఇచ్చిన మచ్చు పొట్లం, కొన్ని బస్తాల నుంచి తీసిన బియ్యం సీలు వేసి దాచుకోవాలి. ఆ తర్వాత ఎన్నాళ్లు గోడౌనులో అడ్డంగా ఉన్నా, తెలిసినవాడు వచ్చి ఒక్క బస్తా అడిగినా, ఆ 80లోంచి ఇవ్వకూడదు. ఇచ్చిన రోజున మిల్లరు వకీలు సెక్షన్ 42 పేజీ తెరుస్తాడు.